రెండు దారాలు తెగేదాకా

సోఫా గుడ్డల షాపులో శాంపిల్ బుక్ తిరగేస్తే ప్రతి ముక్క వెనకా ఒక చిన్న చీటీ కనిపిస్తుంది. రంగు నంబరు, పన్నా, గ్రాముల బరువు తర్వాత ‘మార్టిండేల్ 40,000 రబ్స్’ అనో, ‘డబుల్ రబ్స్ 50,000’ అనో రాసి ఉంటుంది. షాపతను ఆ అంకె మీద వేలు పెట్టి, “యాభై వేలు సార్, ఇంక చూసుకోనక్కర్లేదు” అంటాడు. మనం తలూపి పెద్ద అంకె ఉన్న ముక్కను పక్కన పెట్టుకుంటాం. ఆ అంకె ఎలా పుడుతుందో దగ్గరగా చూసినవాళ్లకు ముందు దాని వెనకున్న పనితనం మీద గౌరవం కలుగుతుంది. ఆ తర్వాత, అది చెప్పే మాట ఎంత చిన్నదో కూడా అర్థమవుతుంది.

మార్టిండేల్ అన్నది మనిషి పేరు. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్ని పరిశ్రమకు ఒక పరిశోధన సంస్థ ఉండేది. అక్కడి జె.జి. మార్టిండేల్ 1942లో ఈ యంత్రం వివరాలు ప్రకటించాడు. గుడ్డ అరుగుదలను కొలవడానికి అంతకుముందూ యంత్రాలు ఉన్నాయి. వాటిలో చాలావాటితో ఒకటే చిక్కు: గుడ్డను ఒకే దిశలో రుద్దితే ఆ దిశకు అడ్డంగా ఉన్న దారాలే ఎక్కువ దెబ్బ తింటాయి. పడుగు వాటంగా రుద్దితే ఒక ఫలితం, పేక వాటంగా రుద్దితే ఇంకో ఫలితం. కుర్చీలో కూర్చున్న మనిషి అలా ఒక్క వైపే కదలడు. ముందుకు జరుగుతాడు, పక్కకు ఒరుగుతాడు, కాలు మీద కాలు వేసుకుని తిరుగుతాడు.

మార్టిండేల్ దీనికి లెక్కల శాస్త్రంలోంచి ఒక ఉపాయం తెచ్చుకున్నాడు. రెండు ఊగే కదలికలను ఒకదానికొకటి లంబంగా కలిపి, ఒకదాని వేగాన్ని రెండో దానికన్నా కాస్త తక్కువగా పెడితే వచ్చే వంపును లిసాజూ వంపు అంటారు. ఈ యంత్రంలో బయటి రెండు ఇరుసులు 16 చుట్లు తిరిగేసరికి లోపలి ఇరుసు 15 చుట్లు తిరుగుతుంది. అందువల్ల గుడ్డ ముక్క ముందు గుండ్రంగా తిరుగుతుంది. ఆ గుండ్రం మెల్లగా కోడిగుడ్డు ఆకారమై, సన్నబడి సన్నబడి చివరికి ఒక గీత అవుతుంది. అక్కణ్ణించి మళ్లీ ఇంకో వైపు వాలుతూ విచ్చుకుని గుండ్రమవుతుంది. 16 చుట్లకు బొమ్మ ఒకసారి పూర్తవుతుంది. కాగితం మీద ఆ దారి గీయిస్తే చెయ్యి తిరిగిన ఇల్లాలు వేసిన మెలికల ముగ్గులా ఉంటుంది. గుడ్డలోని ఏ దారమూ తప్పించుకోదు, ఏ దారానికీ అన్యాయం జరగదు. ముక్కను పట్టుకున్న గిన్నె కూడా తన ఇరుసు మీద స్వేచ్ఛగా తిరగగలదు కాబట్టి ఎనభై ఏళ్లు దాటినా ఈ ఏర్పాటుకు మించిన సులువైన మార్గం ఎవరికీ దొరకలేదు. చీటీ మీద కనిపించే ‘రబ్’ అంటే ఆ బయటి ఇరుసుల ఒక్క చుట్టు.

పరీక్ష జరిగే తీరు చూడండి. గుడ్డలోంచి 38 మిల్లీమీటర్ల బిళ్ల కోస్తారు. గుడ్డ పలచనిదైతే వెనక సన్నని ఫోము పెట్టి గిన్నెలో బిగిస్తారు. కింద బల్ల మీద మందపాటి ఫెల్టు, దాని మీద ఒక ప్రామాణికమైన ఉన్ని గుడ్డ పరుస్తారు. రుద్దేది ఆ ఉన్ని గుడ్డే. గరుకు కాగితం వాడరు, ఎందుకంటే సోఫాను అరగదీసేది మన ఒంటి మీది బట్టలే. సోఫా గుడ్డలకైతే పైన 795 గ్రాముల బరువు, అంటే 12 కిలోపాస్కల్స్ ఒత్తిడి పెడతారు. ఒంటికి తొడుక్కునే బట్టలకు ఒత్తిడి 9 కిలోపాస్కల్సే. గదిలో గాలి తేమ 65 శాతం దగ్గర ఉండాలి. యంత్రం నిమిషానికి 47, 48 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన 20,000 రబ్స్‌కు ఏడు గంటలు, 1,00,000 రబ్స్‌కు దాదాపు 35 గంటలు పడుతుంది. ప్రతి 50,000కు కింది ఉన్ని గుడ్డను మారుస్తారు, లేకపోతే అదే అరిగి నున్నబడి మెత్తగా రుద్దడం మొదలుపెడుతుంది.

మధ్యమధ్యలో యంత్రాన్ని ఆపి ముక్కను తీసి చూస్తారు. ఇక్కడే అసలు చేతిపని ఉంది. నేత గుడ్డ అయితే, వేరువేరు చోట్ల రెండు దారాలు పూర్తిగా తెగినప్పుడు ‘అయిపోయింది’ అంటారు. చూసే మనిషి భూతద్దం పెట్టుకుని, తెగింది దారమా లేక పైకి లేచిన నూగు పోగా అని తేల్చాలి. నూలు పోగులు రేగి పైన పొరలా పరుచుకుంటే కింద దారం తెగిందో లేదో కనిపించదు. అలవాటైన కన్ను సూదితో పోగులు పక్కకు తొలగించి చూస్తుంది. మఖమల్ లాంటి గుడ్డలకు లెక్క వేరు. పైనున్న బొచ్చు పూర్తిగా ఊడిపోయి నేత బయటపడితే చాలు.

ఈ ఆపి చూసే విరామాల గురించి కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. తక్కువ అంకెల దగ్గర వెయ్యికో, రెండు వేలకో ఒకసారి చూస్తారు. 20,000 దాటాక 5,000కు ఒకసారి, 40,000 దాటాక 10,000కు ఒకసారి చూస్తారు. ఒక గుడ్డ 40,000 దగ్గర బాగుండి 50,000 దగ్గర తెగి కనిపిస్తే ఫలితం 40,000 అనే రాస్తారు. అది 41,000 దగ్గర తెగిందా, 49,000 దగ్గర తెగిందా అన్నది ఎవరికీ తెలియదు. అందుకే 40,000కూ 50,000కూ తేడా షాపులో వినిపించినంత పెద్దది కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. అడిగిన అంకె రాగానే పరీక్ష ఆపించేసే కంపెనీలు ఉంటాయి. అప్పుడు ‘30,000’ అంటే 30,000 దగ్గర తెగిందని కాదు, అక్కడిదాకా తెగలేదని. మంచి రిపోర్టులో ఇది విడిగా రాసి ఉంటుంది, చీటీ మీద ఉండదు.

‘డబుల్ రబ్స్’ అన్నది వేరే యంత్రం భాష. అమెరికాలో ఎక్కువగా వాడే వైజెన్‌బీక్ పరీక్షలో గుడ్డను బిగించి లాగి పట్టుకుంటే, వంపు తిరిగిన ఒక పీపా దాని మీద ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పీపాకు మందపాటి నూలు కాన్వాసు గానీ, సన్నని స్టీలు జాలీ గానీ చుట్టి ఉంటుంది. ఒక పోక, ఒక రాక కలిపి ఒక డబుల్ రబ్. ఇక్కడ పడుగునూ పేకనూ విడివిడిగా పరీక్షిస్తారు. ఈ అంకెను మార్టిండేల్ అంకెగా మార్చే సూత్రం లేదు. ఫలానా డబుల్ రబ్స్ ఫలానా మార్టిండేల్‌కు సమానం అని ఎవరైనా చెబితే అది ఊహే. ఫర్నిచర్ గుడ్డల వ్యాపారుల అమెరికన్ సంఘం ఏసీటీ, రెంటికీ వేరువేరు హద్దులు పెట్టుకుంది. తక్కువ వాడకానికి డబుల్ రబ్స్ 15,000, మార్టిండేల్ 20,000. జనం ఎక్కువగా మసిలే చోట్లకు 30,000, 40,000. డబుల్ రబ్స్ లక్ష దాటితే ఆ పై అంకెకు గుడ్డ మన్నికతో సంబంధం లేదని కూడా ఆ సంఘమే చెబుతుంది. అమ్మేవాళ్ల సంఘమే ఆ మాట అనడం మెచ్చుకోదగ్గ నిజాయితీ.

ఇంట్లో నలుగురు కూర్చునే సోఫాకు మార్టిండేల్ 20,000 నుంచి 30,000 చాలు. ఆసుపత్రి వరండాలో బెంచీకో, హోటల్ లాబీకో అయితే 40,000 అడగండి. అంతకు మించి పెట్టే డబ్బును వేరే గుణం కోసం ఖర్చు పెట్టడం మేలు. ఎందుకంటే ఇళ్లలో సోఫా గుడ్డలు అరిగి చిరగడం కన్నా ముందే వేరే కారణాలతో పాడవుతాయి. కిటికీ పక్కన ఎండకు రంగు వెలుస్తుంది. తల ఆనే చోట నూనె జిడ్డు పడుతుంది. చెప్పుల దుమ్ము పోగుల మధ్య చేరి ఇసుకలా కోస్తుంది. ల్యాబులోని ఉన్ని గుడ్డ మీద దుమ్మూ లేదు, నూనే లేదు, పిల్లి గోళ్లూ లేవు.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం ఉండలు కట్టడం. గుడ్డ మీద చిన్న చిన్న నూగు ఉండలు లేస్తాయి, ‘పిల్లింగ్’ అంటారు. విచిత్రమేమంటే, రబ్స్ అంకెను పెంచే గుణమే దీనికీ కారణమవుతుంది. ఉన్ని పోగు బలహీనం కాబట్టి ఉండ కట్టినా కొన్నాళ్లకు మెడ తెగి రాలిపోతుంది. పాలిస్టర్ పోగు గట్టిది. ఉండ కట్టాక కూడా గుడ్డను పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. అలా 60,000 రబ్స్ తట్టుకున్న గుడ్డ ఆరు నెలల్లో ముసలిదై కనిపించవచ్చు. దీన్ని అదే మార్టిండేల్ యంత్రం మీద తక్కువ రబ్స్‌తో విడిగా పరీక్షించి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. 5 అంటే ఉండలే లేవని, 4 అంటే మంచిదని. 3 కన్నా తక్కువ ఉంటే నేను కొనను.

ఇక లాగుడు బలం, అంటే టెన్సైల్ స్ట్రెంగ్త్. రిపోర్టులో ఇది రెండు అంకెలుగా ఉంటుంది, పడుగుకు ఒకటి, పేకకు ఒకటి. కొలత న్యూటన్లలో ఉంటుంది. 9.8తో భాగిస్తే మనకు తెలిసిన కిలోల బరువు వస్తుంది. ఈ పరీక్షకు ముక్కను తయారు చేసే పద్ధతి చూస్తే నేతపని తెలిసినవాళ్లెవరైనా సంతోషిస్తారు. పట్టీ వెడల్పు 50 మిల్లీమీటర్లు ఉండాలి. కత్తెరతో సరిగ్గా 50కి కోస్తే అంచు దారాలు సగం సగం తెగి, లాగేటప్పుడు జారిపోతాయి. వాటి బలం లెక్కలోకి రాదు. అందుకని ముందు కాస్త వెడల్పుగా కోసి, రెండు అంచుల నుంచీ నిలువు దారాలను ఒక్కొక్కటే పీకుతూ సరిగ్గా 50కి తెస్తారు. అప్పుడు పట్టీలో ఉన్న ప్రతి దారమూ ఈ కొస నుంచి ఆ కొస దాకా పూర్తిగా ఉంటుంది. అలాంటివి పడుగు వైపు ఐదు, పేక వైపు ఐదు. ఏ రెండు పట్టీల్లోనూ అవే దారాలు రాకూడదు. అంచుకు దగ్గర్లో కోయకూడదు, అక్కడ నేత బిగువు వేరుగా ఉంటుంది. పట్టీని రెండు దవడల మధ్య 200 మిల్లీమీటర్ల ఎడంతో పట్టించి, నిమిషానికి 100 మిల్లీమీటర్ల చొప్పున మెల్లగా లాగుతారు. తెగిన చోటు దవడకు మరీ దగ్గరైతే, తప్పు గుడ్డదా పట్టుదా అని అనుమానించి విడిగా రాసుకుంటారు. మన దేశంలో ఐఎస్ 1969 లోనూ ఈ పట్టీ పద్ధతి ఉంది.

‘గ్రాబ్’ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో ముక్క 100 మిల్లీమీటర్ల వెడల్పు, దవడ మాత్రం మధ్యలో 25 మిల్లీమీటర్లే పట్టుకుంటుంది. పక్క దారాలు కూడా కొంత సాయం చేస్తాయి. రెండు పద్ధతుల అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పద్ధతి పేరు రాయని న్యూటన్ల అంకెకు విలువ లేదు. ఇంకో చిన్న సంగతి: తడిస్తే నూలు బలం కొంచెం పెరుగుతుంది, విస్కోస్ బలం సగానికి దగ్గరగా పడిపోతుంది. షాంపూ వేసి సోఫా కడిగించేవాళ్లు, పైకి నారగుడ్డలా మెరిసే విస్కోస్ గుడ్డతో జాగ్రత్తగా ఉండాలి.

పట్టీ మీద 800 న్యూటన్లు అంటే సుమారు 80 కిలోలు. అరచేయంత వెడల్పు కూడా లేని పట్టీ ఒక మనిషిని మోయగలదన్నమాట. అందుకే మామూలు వాడకంలో సోఫా గుడ్డ నేరుగా లాగుడుకు తెగడం అరుదు. అది రెండు రకాలుగా ఓడిపోతుంది: ఎక్కడో చిన్న గాటు పడి అక్కణ్ణించి చిరుగుతుంది, లేదా కుట్టు దగ్గర దారాలు జారి సందు పడుతుంది. ఈ రెండూ నేతగాడి నిర్ణయాల మీద ఆధారపడతాయి.

సాదా నేతలో ప్రతి పడుగు దారమూ ప్రతి పేక దారం కిందికీ మీదికీ వెళుతుంది. దారాలు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. అరుగుదలకు మంచిది, కుట్టు దగ్గర జారదు. కానీ చిరుగు మొదలైతే కష్టం. దారాలు కదలలేవు కాబట్టి చిరుగు ముందుకు వచ్చినప్పుడు ఒక్కో దారం ఒంటరిగా నిలబడి ఒంటరిగా తెగుతుంది. ట్విల్లు, బాస్కెట్ లాంటి వదులు నేతలో చిరుగు వస్తుంటే పక్క దారాలు జరిగి గుంపుగా చేరి బరువు పంచుకుంటాయి. చిరుగు ఆగిపోతుంది. అదే జారే గుణం కుట్టు దగ్గర శత్రువు. సాటిన్‌లో పైన తేలే పొడుగు దారాలు మెరుపు ఇస్తాయి, ఉంగరం తగిలితే ముందు అవే లేస్తాయి. మంచి మిల్లు ఈ బేరాలన్నీ లెక్క వేసి దారం మెలి, అంగుళానికి పోగులు, నేత బిగువు నిర్ణయిస్తుంది. కొందరు గుడ్డ వెనక పల్చగా పూత వేసి దారాలను అతికిస్తారు. జారడం తగ్గుతుంది, కానీ చిరుగును అడ్డుకునే శక్తి కూడా కొంత పోతుంది.

కుట్టు జారుడు పరీక్ష సోఫా కొనేవాళ్లకు అన్నిటికన్నా ఉపయోగమైనది. రెండు ముక్కల్ని కలిపి కుట్టి, సోఫా గుడ్డకైతే 180 న్యూటన్లతో లాగి, కుట్టు దగ్గర ఎన్ని మిల్లీమీటర్ల సందు పడిందో కొలుస్తారు. కుట్టు పడుగు వెంట ఉంటే పడుగు దారాలు పేక మీద జారతాయి, పేక వెంట ఉంటే పేక దారాలు పడుగు మీద జారతాయి. 6 మిల్లీమీటర్లు దాటితే నాకైతే ఆ గుడ్డ వద్దు.

ఒక ఊహా కేసు తీసుకుందాం. మొదటిది మెత్తటి షెనీల్ గుడ్డ: మార్టిండేల్ 60,000, లాగుడు బలం పడుగు 1,100 న్యూటన్లు, పేక 450, కుట్టు జారుడు ఒక వైపు 3 మిల్లీమీటర్లు, రెండో వైపు 8, పిల్లింగ్ 3. రెండోది నూలు, పాలిస్టర్ కలిసిన సాదా నేత: మార్టిండేల్ 25,000, పడుగు 800, పేక 650, కుట్టు జారుడు రెండు వైపులా 3, పిల్లింగ్ 4. షాపులో గెలిచేది మొదటిదే, చీటీ మీద 60,000 మాత్రమే కనిపిస్తుంది కాబట్టి. దాని పడుగు, పేక అంకెల మధ్య తేడా చూడండి. పడుగు గట్టి దారం, దట్టంగా ఉంది. పేక లావుపాటి మెత్తటి దారం, అంగుళానికి తక్కువ పోగులు. మెత్తదనమంతా ఆ పేక నుంచే వచ్చింది. 8 మిల్లీమీటర్ల సందు కూడా అక్కడి పలచదనం నుంచే వచ్చింది. సీటు దిండు మూలల దగ్గర కుట్టు మొదటి ఏడాదిలోనే నవ్వుతుంది, గుడ్డ మధ్యభాగం కొత్తగానే ఉంటుంది. నేను రెండోది కొంటాను. మొదటిదే నచ్చితే, బిగువుగా లాగని వీపు భాగానికి వాడి, సీటుకు రెండోది వేయించమంటాను.

రిపోర్టు దొరకనప్పుడు చేతులు ఉన్నాయి. శాంపిల్‌ను కుట్టించి రెండు వైపులా గట్టిగా లాగి వెలుతురుకు పట్టండి. కుట్టు పక్కన దారాలు నిచ్చెన మెట్లలా విడిపోతే జారుడు ఉందన్నట్టు. పడుగు, పేక రెండు దిశల్లోనూ చేసి చూడండి, ఒక దిశలో జారే గుడ్డ రెండో దిశలో గట్టిగా ఉండొచ్చు. అంచు నుంచి ఒక దారం పీకి రెండు వేళ్ల మధ్య విప్పండి. మెలి లేకుండా ఊరికే విడిపోయే దారం త్వరగా నూగు లేస్తుంది. తడి తెల్ల గుడ్డతో రుద్దితే రంగు అంటుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

పెద్ద ఆర్డరు ఇచ్చేవాళ్లు, ఒక హోటలుకో ఫంక్షన్ హాలుకో గుడ్డ తీసుకునేవాళ్లు, చీటీతో సరిపెట్టుకోకండి. పూర్తి రిపోర్టు అడగండి. అందులో ఏ పద్ధతి, ఎంత ఒత్తిడి, ఆపారా తెగిందా, కుట్టు జారుడు ఎన్ని మిల్లీమీటర్లు, పిల్లింగ్ ఎంత అన్నవి ఉండాలి. ఎండ తగిలే చోటైతే రంగు ఎండకు ఎంత నిలుస్తుందో కూడా అడగండి. దానికి 1 నుంచి 8 దాకా మార్కులు ఉంటాయి, 5కు తక్కువైతే కిటికీ పక్కన పెట్టకండి. ఇవన్నీ ఇవ్వలేని వ్యాపారి దగ్గర 60,000 అన్న అంకెకు రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.